బిల్లు నుంచి బ్యాలెన్స్ షీట్ దాకా – 6వ పాఠం: ఆలస్యపు వడ్డీని ఆదాయంగా ఎప్పుడు రాయాలి?

గత పాఠంలో అమ్మకాన్ని ఏ తేదీన ఆదాయంగా చూపాలో చూశాం. ఆ బిల్లు కింది వరుసలో చిన్న అక్షరాలతో ఒక షరతు ఉంటుంది: ‘గడువు దాటితే ఏడాదికి 18 శాతం వడ్డీ’. ఆ వడ్డీ సంగతే ఈ పాఠం. మనం తీసుకుంటున్నది, ఆదాయాన్ని ఎప్పుడు రాయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 9 పాటించే చిన్న, మధ్య తరహా వ్యాపారాలను. ఇండ్ ఏఎస్ పాటించే పెద్ద కంపెనీల దారి వేరు, దాని జోలికి ఇప్పుడు వెళ్లం.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉందనుకుందాం. డిసెంబర్ 18న ఒక సివిల్ కాంట్రాక్టర్‌కు 4,00,000 రూపాయల సరుకు పంపింది. 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు 4,72,000. గడువు 30 రోజులు, అంటే జనవరి 17. మార్చి 31 వచ్చినా డబ్బు రాలేదు. జనవరి 17 దాటి మార్చి 31 దాకా 73 రోజులు. వడ్డీ లెక్క ఇలా వస్తుంది:

4,72,000 × 18/100 × 73/365 = 16,992 రూపాయలు

లెక్క వరకు సులువే. టాలీలో లెడ్జర్‌కు వడ్డీ రేటు ఇచ్చి పెట్టుకుంటే రిపోర్టులో అదే చూపిస్తుంది. అసలు ప్రశ్న, ఈ 16,992ను మార్చి 31న లాభనష్టాల ఖాతాలో ఆదాయంగా వేయాలా వద్దా అన్నది.

వడ్డీని కాలాన్ని బట్టి లెక్కగట్టి రాయాలని ఏఎస్ 9 చెబుతుంది. బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీని మనం అలాగే రాస్తాం. కానీ అదే ప్రమాణంలో 9.2 పేరా ఇంకో మాట చెబుతుంది. ధర పెంపు, ఎగుమతి ప్రోత్సాహకాలు, వడ్డీ లాంటి వాటిని అడిగే సమయానికి, చివరికి వసూలవుతాయో లేదో తగినంత నిశ్చయంగా తేల్చలేకపోతే, ఆ అనిశ్చితి ఉన్న మేరకు ఆదాయాన్ని వాయిదా వేయాలి. బ్యాంకు వడ్డీ ఇస్తుందా అన్న సందేహం మనకు రాదు. కాంట్రాక్టర్ విషయంలో వచ్చే మొదటి సందేహమే అది.

సందేహం ఉందో లేదో ఎలా తేల్చాలి? బిల్లు మీద అచ్చయిన షరతు చూసి కాదు. ఆ షరతు అందరి బిల్లుల మీదా ఉంటుంది, కట్టేవాళ్లు కొందరే. పార్టీ లెడ్జర్ తెరిచి రెండు, మూడేళ్లు వెనక్కి వెళ్లండి. మన కాంట్రాక్టర్ లెడ్జర్‌లో ప్రతి ఆర్‌టీజీఎస్ ఎదురుగా బిల్లు నంబరు ఉంది, బిల్లు మొత్తం రూపాయి తేడా లేకుండా వచ్చింది, వడ్డీ మాత్రం ఒక్కసారీ రాలేదు. గత ఏడాది పంపిన డెబిట్ నోట్ ఇంకా అలాగే వేలాడుతోంది. ఏడాది చివర బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లేఖ పంపితే, డెబిట్ నోట్ మొత్తం తీసేసి తన లెక్క రాసి సంతకం పెట్టాడు. ఆ లేఖ చాలు. ఈ 16,992 ఆదాయం కాదు, ప్రస్తుతానికి మనం అడుగుతున్న మొత్తం మాత్రమే.

ఇదే యూనిట్‌కు గుంటూరులో ఒక డీలర్ ఉన్నాడు. అతని బిల్లు 2,36,000, తేదీలు అవే, కాబట్టి వడ్డీ 8,496. ఇతనితో రాతపూర్వక ఒప్పందం ఉంది, సెక్యూరిటీ డిపాజిట్ మన దగ్గరే ఉంది, వడ్డీ కట్టకపోతే అందులోంచి మినహాయించుకోవచ్చని షరతు ఉంది. గతంలో ఆలస్యమైన ప్రతిసారీ వడ్డీ కట్టాడు కూడా. ఇక్కడ వాయిదాకు కారణం లేదు. మార్చి 31న ఇలా రాస్తాం:

వసూలు కావాల్సిన వడ్డీ ఖాతా – డెబిట్ 8,496
ఆలస్య చెల్లింపులపై వడ్డీ ఖాతా – క్రెడిట్ 8,496

ఒకే బిల్లు ఫార్మాట్, ఒకే వడ్డీ రేటు, అయినా ఒకటి ఆదాయం, ఇంకొకటి కాదు. ‘పార్టీకో పద్ధతి పెట్టారేంటి?’ అని కొత్తగా చేరిన అకౌంటెంట్లు అడుగుతుంటారు. పద్ధతి ఒక్కటే, వసూలు ఖాయమైతేనే రాయడం. పార్టీని బట్టి మారేది రుజువు.

సరుకు అమ్మిన సూక్ష్మ, చిన్న సంస్థలు ఇక్కడ ఇంకో పొరపాటు చేస్తాయి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేసిన కొనుగోలుదారు ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో కట్టాలి అన్నది నిజమే. ఆ హక్కు సరఫరాదారుగా ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థది. చట్టంలో ఉంది కదా అని దాన్ని ఆదాయంగా రాసేయకూడదు. హక్కు ఉండడం వేరు, డబ్బు రావడం వేరు. వచ్చే ఏడాది కూడా ఆర్డర్ కావాలి కాబట్టి చాలామంది ఆ వడ్డీ అడగనే అడగరు. అడిగే ఉద్దేశమే లేనిదాన్ని లాభంలో కలపడం నా దృష్టిలో లేని డబ్బు మీద లెక్క వేయడమే.

ఇప్పుడు కాంట్రాక్టర్ వడ్డీని ఎక్కడ పెట్టాలి? అడగడం మానొద్దు. ఆదాయం వాయిదా వేశామంటే హక్కు వదులుకున్నట్టు కాదు. వడ్డీ స్టేట్‌మెంట్‌ను లేఖగా పంపండి. ఖాతాల బయట ఒక రిజిస్టర్‌లో పార్టీ, బిల్లు నంబరు, రోజులు, మొత్తం, వాళ్ల జవాబు రాసుకోండి. లెడ్జర్‌లో డెబిట్ నోట్ వేస్తే మాత్రం బాకీల జాబితా ఉబ్బిపోతుంది, పార్టీ లెక్కతో మన లెక్క ఎప్పటికీ కలవదు. వాయిదా వేసిన మొత్తం పెద్దదైతే, ఏ పరిస్థితిలో వేశారో ఖాతాల నోట్స్‌లో చెప్పాలని ఏఎస్ 9 అడుగుతుంది.

ఖాతాలు సంతకమైపోయాక, అక్టోబర్‌లో కాంట్రాక్టర్ అసలు మొత్తం కట్టి, వడ్డీ కింద 10,000, దానిపై జీఎస్టీ ఇస్తానని మెయిల్ పెట్టాడనుకోండి. అదే వారం డబ్బు వచ్చింది. ఆలస్యపు వడ్డీ కూడా సరుకు విలువలో భాగమేనని సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది కాబట్టి సరుకుకు ఉన్న 18 శాతమే దీనికీ పడుతుంది. డెబిట్ నోట్ ఇప్పుడు ఇచ్చి, ఎంట్రీ ఇలా వేయాలి:

బ్యాంకు ఖాతా – డెబిట్ 11,800
ఆలస్య చెల్లింపులపై వడ్డీ ఖాతా – క్రెడిట్ 10,000
సీజీఎస్టీ – క్రెడిట్ 900
ఎస్‌జీఎస్టీ – క్రెడిట్ 900

మిగిలిన 6,992తో పాటు మార్చి తర్వాతి రోజుల వడ్డీని కూడా వదులుకున్నాం. దానికి రైటాఫ్ ఎంట్రీ ఏదీ లేదు, ఎందుకంటే ఎప్పుడూ ఆదాయంగా రాయలేదు. రిజిస్టర్‌లో ‘సెటిల్ అయింది’ అని రాస్తే సరి.

జీఎస్టీ ఎప్పుడు కట్టాలన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. 12వ సెక్షన్‌లోని 6వ ఉపవిభాగం ప్రకారం వడ్డీ, ఆలస్య రుసుము లాంటి అదనపు విలువకు పన్ను బాధ్యత, ఆ డబ్బు అందిన తేదీన వస్తుంది. అందుకే గుంటూరు డీలర్ వడ్డీ మార్చిలోనే ఆదాయమైనా, దానిపై జీఎస్టీ అతను కట్టిన నెలలోనే. పుస్తకాల ఆదాయానికీ, జీఎస్టీ రిటర్నుకూ మధ్య ఈ తేడా ఏటా వస్తుంది, ఆడిటర్‌కు చూపడానికి ఒక కాగితం మీద పెట్టుకోండి.

ఆఖరుగా ఒక తేడా, ఇది పరీక్షల్లోనూ ఆఫీసుల్లోనూ తప్పు పోయేది. డీలర్ వడ్డీని మార్చిలో నిజాయితీగా ఆదాయంగా రాశాం, ఆ తర్వాత అతని వ్యాపారం దెబ్బతింది. అప్పుడు పాత ఆదాయాన్ని తిరగేయకూడదు. సందేహం తర్వాత పుట్టింది కాబట్టి 9.3 పేరా ప్రకారం విడిగా ప్రొవిజన్ పెట్టాలి. పైగా వడ్డీ ఒక్కదానికే ప్రొవిజన్ పెట్టి 2,36,000 అసలును ముట్టుకోకపోతే ఆడిటర్ ఊరుకోడు. వడ్డీ కట్టలేనివాడు అసలు ఎలా కడతాడని అడుగుతాడు.

అభ్యాసం: ఒక పార్టీ వడ్డీ 12,000 ఇస్తానని ఏప్రిల్ 20న రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. మార్చి 31 ఖాతాలు ఇంకా సంతకం కాలేదు. అతను గతంలో ఎన్నడూ వడ్డీ కట్టలేదు. ఆదాయం ఏ ఏడాదిది? మీ జవాబుతో పాటు కారణం రాసి పెట్టుకోండి. 7వ పాఠంలో ఏఎస్ 4తో మొదలుపెట్టి దీన్ని విప్పుదాం.