కంప్రెసర్ అందుకోగానే ఇన్వర్టర్ ఎందుకు ట్రిప్ అవుతుంది?

సమస్య: ఏసీ ఆన్ చేస్తే ఫ్యాన్ చక్కగా తిరుగుతుంది. రెండు మూడు నిమిషాల తర్వాత బయటి యూనిట్‌లో "టక్" మని రిలే పడుతుంది, లైట్లు ఒక్కసారి మసకబారతాయి, సోలార్ ఇన్వర్టర్ కీచుమంటూ ఆగిపోతుంది.

కారణం: పాతరకం ఫిక్స్‌డ్ స్పీడ్ కంప్రెసర్ ఆగి ఉన్న స్థితి నుంచి కదలడానికి, నడిచేటప్పుడు తీసుకునే కరెంట్‌కు ఐదారు రెట్లు లాగుతుంది. అర సెకను కూడా ఉండదు, కానీ ఇన్వర్టర్ పడిపోవడానికి అది చాలు.

మా ఇంట్లో ఉన్నది 1.5 టన్నుల ఏసీ. క్లాంప్ మీటర్‌ను ఇన్‌రష్ మోడ్‌లో పెట్టి చూశాను. నడిచేటప్పుడు 7 ఆంపియర్లు, అందుకునే క్షణంలో 36. 230 వోల్టుల దగ్గర లెక్కిస్తే 8 కేవీఏ పైమాటే. కాబట్టి "1600 వాట్లే కదా, 3 కేవీఏ ఇన్వర్టర్ సరిపోతుంది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. స్పెసిఫికేషన్‌లో సర్జ్, అంటే ఇన్వర్టర్ క్షణకాలం మోయగల లోడ్, ఎంత, ఎంతసేపు అని రెండూ చూడాలి. మీటర్ లేకపోతే కంప్రెసర్ నేమ్‌ప్లేట్ మీద ఎల్‌ఆర్‌ఏ అని రాసిన అంకె చూడండి. రోటర్ కదలకుండా ఉన్నప్పుడు లాగే కరెంట్ అదే.

అయితే నా ఇన్వర్టర్ 5 కేవీఏ, సర్జ్ 10 కేవీఏ. లెక్క ప్రకారం ఆగకూడదు. అయినా ఆగేది.

డిస్‌ప్లేలో ఏ కోడ్ వచ్చిందో చూడండి

ఓవర్‌లోడ్ అని వస్తే ఇన్వర్టర్ చిన్నది, లేదా కంప్రెసర్ మొరాయిస్తోంది. లో బ్యాటరీ అని వస్తే దారి వేరు. నాకు వచ్చింది రెండోది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి, ప్యానెళ్ల మీద ఎండ దంచుతోంది, అయినా లో బ్యాటరీ!

మల్టీమీటర్‌ను మిన్/మ్యాక్స్‌లో పెట్టి, కంప్రెసర్ అందుకునే క్షణాన్ని రెండు చోట్ల కొలిచాను. బ్యాటరీ పోస్టుల మీద కనిష్ఠం 48.6 వోల్టులు. ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర 43.4. ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయే కట్‌ఆఫ్ 44. అంటే బ్యాటరీ బాగానే ఉంది, మధ్య దారిలో 5 వోల్టులు పోతున్నాయి. ఆ క్షణంలో డీసీ వైపు సుమారు 150 ఆంపియర్లు వెళ్తాయి. నా 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ రానుపోను 6 మీటర్లు. దానిలో పోయేది 1 వోల్టే. మిగతాదంతా నెగెటివ్ కేబుల్ చివర నొక్కి బిగించే లోహపు ముక్క, అంటే లగ్, ఒక్కదాని దగ్గరే పోతోంది. స్లీవ్ వెనక్కి లాగి చూస్తే లగ్ అంచు నల్లబడి ఉంది. సరిగా క్రింప్ చేయలేదు.

పరిష్కారం: డీసీ బ్రేకర్ ఆపి, కొత్త లగ్ హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించి, కేబుల్‌ను 35 చదరపు మిల్లీమీటర్లకు మార్చి, రానుపోను 3 మీటర్లకు కుదించాం. ఆ తర్వాత ఇన్వర్టర్ దగ్గర కనిష్ఠం 47.9. మళ్లీ ఆగలేదు. ఇన్వర్టర్ మార్చేముందు ఈ రెండు కొలతలూ తప్పకుండా తీసుకోండి. పైగా వదులు లగ్ వేడెక్కితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

ఓవర్‌లోడ్ కోడ్ వస్తుంటే

కంప్రెసర్ "హూఁ" అని మూలుగుతూ తిరగకపోతే ముందు కెపాసిటర్‌ను అనుమానించండి. 45 మైక్రోఫారడ్ అని రాసి ఉంటే మీటర్‌లో 42 కన్నా తగ్గినప్పుడు మార్చేయాలి. సప్లై తీసేసినా దానిలో చార్జ్ నిలిచి ఉంటుంది, డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోవద్దు. కరెంట్ పోయి వచ్చిన వెంటనే మాత్రమే ట్రిప్ అయితే, గ్యాస్ ప్రెషర్ ఇంకా సమం కాలేదు. కనీసం 3 నిమిషాల ఆలస్యం ఉండే టైమర్ పెట్టండి. ఇవన్నీ బాగున్నా ఆగుతుంటే సింగిల్ ఫేజ్ కంప్రెసర్లకు వచ్చే సాఫ్ట్ స్టార్టర్ వేయించండి. అది ఆ తొలి లాగుడును సుమారు సగానికి దించుతుంది. కొత్తగా కొనేవాళ్లు మాత్రం ఇన్వర్టర్ ఏసీయే తీసుకోవడం మంచిది. దాని కంప్రెసర్ మెల్లగా వేగం పుంజుకుంటుంది, ఈ గొడవే ఉండదు. దానికి ప్యూర్ సైన్ వేవ్ ఇచ్చే ఇన్వర్టర్ మాత్రం తప్పనిసరి.

"మరి ప్యానెళ్లు పెంచితే?"

పెంచినా ఈ సమస్య పోదు. ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంట్ కూడా దాని మామూలు కరెంట్ కన్నా కొంచెమే ఎక్కువ. ఐదు రెట్లు క్షణంలో ఇవ్వడం దాని స్వభావంలోనే లేదు. ఆ దెబ్బ కాచుకునేది బ్యాటరీ, లేదా గ్రిడ్. ప్యానెళ్లు పెంచడం నడిచే గంటలకే ఉపయోగపడుతుంది. నా నాలుగు 150 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో సగం వరకే వాడితే, ఎండ లేనప్పుడు కంప్రెసర్ ఆగకుండా నడిచేది రెండు గంటలు కూడా నిండదు.