దుబాయ్‌లో కార్డు గీకే ముందు

☐ విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ యూసేజ్ ఆన్ చేయండి. 2020 మార్చి తర్వాత ఇచ్చిన కార్డుల్లో అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. షాపు, ఏటీఎం, ఆన్‌లైన్‌కి వేర్వేరు స్విచ్‌లు, కావలసినదే తెరవండి.

☐ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కట్టినందుకు మీ బ్యాంకు వేసే ఫీజు, ఎంతో చూసుకోండి. 3.5 శాతమైతే ₹20,000 కొనుగోలుకి ₹700, ఆ ₹700 మీద జీఎస్టీ ₹126.

☐ అసలు మెలిక షాపులోని మెషీన్ దగ్గరే. AED అంటే అక్కడి దిర్హామ్‌లు, INR అంటే మన రూపాయలు, రెండూ కనిపిస్తే AED నొక్కండి. రూపాయల్లో చూస్తే మనసుకి హాయే, కానీ ఆ రేటు షాపు వైపు వాళ్లు వేసింది, మామూలుగా ఎక్కువే ఉంటుంది. పైగా కొన్ని బ్యాంకులు రూపాయల్లో కట్టినా ఫీజు వేస్తాయి. క్యాషియర్ తనే INR నొక్కేస్తే పిన్ కొట్టకండి, రద్దు చేయించండి. స్లిప్పు చేతికొచ్చాక గమనిస్తే అక్కడే వాయిడ్, అంటే ఆ చెల్లింపు రద్దు, చేయమని అడగండి.

☐ తిరిగొచ్చాక స్విచ్ ఆఫ్.