ఏటవాలు అనంత స్పర్శరేఖ: నాకు ప్రతిసారీ 2 తేడా ఎందుకు వచ్చిందంటే

y = (2x² + 3)/(x − 1) వక్రానికి అనంత స్పర్శరేఖగా, అంటే దూరం వెళ్లేకొద్దీ వక్రం దగ్గరయ్యే రేఖగా, నేను గీసిన y = 2x రేఖ ఎంత దూరం వెళ్లినా వక్రాన్ని చేరలేదు. గ్రాఫును దూరం జరిపి చూశాను, లవాన్ని కారణాంకాలుగా విడగొట్టబోయాను, x = 1 దగ్గరి నిలువు రేఖనూ అనుమానించాను; ఏదీ పనిచేయలేదు.

చివరికి ముందుగా లవ, హారాల పరిమాణాలు, అంటే వాటిలో x గరిష్ఠ ఘాతాలు, పోల్చాను. లవానిది తక్కువైతే y = 0, సమానమైతే మొదటి గుణకాల నిష్పత్తి, ఇవి క్షితిజ సమాంతర రేఖలు. ఇక్కడ లవానిది సరిగ్గా 1 ఎక్కువ, కాబట్టి ఏటవాలు రేఖే. నేను చేసిన తప్పల్లా సమానమైనప్పటి అలవాటు కొద్దీ మొదటి పదాలను మాత్రమే భాగించి ఆగిపోవడం.

ఈసారి లవాన్ని 2x² + 0x + 3 అని రాసుకున్నాను. ఆ 0x కోసం చోటు వదలకపోతే తీసివేత తారుమారవుతుంది. దాన్ని x − 1 తో భాగించడానికి హారాన్ని 2x తో గుణిస్తే 2x² − 2x. తీసివేస్తే 2x + 3 మిగిలింది. (గుర్తు మారడం ఇక్కడే మరిచిపోతాం.) మళ్లీ 2 తో గుణించి తీసివేస్తే శేషం 5. అంటే

y = 2x + 2 + 5/(x − 1)

x దూరం వెళ్లేకొద్దీ చివరి పదం సున్నాకు దగ్గరవుతుంది కనుక రేఖ y = 2x + 2. x = 101 వద్ద వక్రం 204.05, రేఖ 204. నా పాత రేఖ 202 దగ్గరే ఉంది.

ఇది బహుపదుల నిష్పత్తులకే. √(x² + 1) లాంటి వాటికి కుడివైపు y = x, ఎడమవైపు y = −x వస్తాయి; అక్కడ ఈ పద్ధతి నాకు పనికిరాలేదు.