ఛార్జర్ తీయగానే స్క్రీన్ మిణుకుమంటోందా? ప్యానెల్ మార్పించే ముందు ఇది చూడండి

ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపూ స్క్రీన్ బాగానే ఉంటుంది. ఛార్జర్ తీసిన కాసేపటికి మిణుకు మొదలవుతుంది, లేదా మౌస్ బరువెక్కినట్టు కదులుతుంది, టైప్ చేసిన మొదటి అక్షరం ఆలస్యంగా పడుతుంది. ఈ లక్షణాలతో నా దగ్గరికి వచ్చిన లాప్‌టాప్‌లలో ఎక్కువ శాతం అప్పటికే ఒకసారి ఫార్మాట్ అయి ఉంటాయి. కొన్నింటికి స్క్రీన్ కేబుల్ కూడా మార్చేసి ఉంటారు. ఛార్జర్ తీసేసి, సెట్టింగ్స్‌లో ఒక్క అంకె చూసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు ఆ అంకె చూడండి

విండోస్ 11లో `Settings > System > Display > Advanced display` తెరవండి. ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు రిఫ్రెష్ రేటు, అంటే స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా చూపిస్తుందో ఆ అంకె, ఎంత ఉందో చూడండి. ఆ పేజీ తెరిచి ఉండగానే ఛార్జర్ తీసి, పది సెకన్లు ఆగి మళ్లీ చూడండి. 120 లేదా 144 ఉన్నది 60కి పడిపోయిందా? ఛార్జర్ తీసిన క్షణంలో స్క్రీన్ ఒక్కసారి నల్లబడి వచ్చిందా? అయితే మీ లాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన కంట్రోల్ యాప్ గానీ, గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ బ్యాటరీ ఆదా కోసం రేటు తగ్గిస్తోందన్నమాట. ఆ ఒక్క నల్ల మెరుపు జబ్బు కాదు, మోడ్ మారేటప్పుడు వచ్చేదే. మౌస్ బరువుగా అనిపించడానికి కారణం కూడా ఇదే. 120 దగ్గర ప్రతి 8.3 మిల్లీసెకన్లకూ కొత్త ఫ్రేమ్ వస్తుంది, 60 దగ్గర 16.7 పడుతుంది. 120కి అలవాటు పడిన కంటికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఇది వద్దనుకుంటే ఆ యాప్‌లో బ్యాటరీ మీద రేటు తగ్గించే ఆప్షన్ ఆపేయండి. విండోస్‌లో మాత్రమే 120 పెట్టి వదిలేస్తే, మళ్లీ ఛార్జర్ తీసినప్పుడు ఆ యాప్ వెనక్కి లాగేస్తుంది.

ఛార్జర్ పిన్ వదులుగా ఉన్నా ఇదే మెరుపు పదే పదే వస్తుంది. టాస్క్‌బార్‌లో బ్యాటరీ గుర్తు మీద ఛార్జింగ్ బొమ్మ వచ్చిపోతూ ఉంటే పిన్ సంగతి చూడండి, స్క్రీన్ జోలికి వెళ్లకండి.

స్క్రోల్ చేసినప్పుడే వెలుతురు మారుతుంటే

అదే పేజీలో `Dynamic refresh rate` అనే స్విచ్ కనిపిస్తే, అది ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ 11తో వచ్చిన సదుపాయం ఇది. రేటును అప్పటికప్పుడు మార్చుకోగల వేరియబుల్ రిఫ్రెష్ ఉండి, కనీసం 120 హెర్ట్జ్ ఇచ్చే ప్యానెల్ అయితేనే కనిపిస్తుంది. మామూలుగా రేటును కింద ఉంచి, స్క్రోలింగ్ లేదా పెన్ రాతలప్పుడు పైకి తీసుకెళుతుంది. రేటు తగ్గితే ఒక్కో ఫ్రేమ్ తెర మీద ఎక్కువసేపు నిలవాలి. కొన్ని ప్యానెళ్లలో ఆ మధ్యలో పిక్సెల్ వెలుతురు కాస్త జారుతుంది. తెలుపు మీద తెలియదు, ముదురు బూడిద రంగు మీద తెలుస్తుంది.

డార్క్ థీమ్‌లో ఒక పొడవైన పేజీ తెరిచి, స్క్రోల్ చేసి ఆపండి, మళ్లీ చేసి ఆపండి. స్క్రోల్ మొదలైన క్షణంలోనో ఆగిన క్షణంలోనో బ్యాక్‌గ్రౌండ్ రంగు ఒక మెట్టు మారితే దోషి ఇదే. స్విచ్ ఆపి, రేటును 60కో 120కో కట్టేయండి. దీనికి ఇంతకు మించిన వైద్యం లేదు.

పై రెండూ కాకపోయినా సరే, ఇక్కడి నుంచి ముందుకు వెళ్లేముందు రేటును ఒకదాని దగ్గర కట్టేసి ఉంచండి. లేకపోతే కింది పరీక్షలో ఏది దేనివల్ల వస్తోందో తేలదు.

రేటు కదలకపోయినా మిణుకు ఆగకపోతే

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. కొన్నేళ్ల క్రితం మా బంధువులమ్మాయి లాప్‌టాప్ ఇలాగే వచ్చింది. 14 అంగుళాలది, ఇంటెల్ గ్రాఫిక్స్. హాస్టల్లో మంచం మీద కూర్చుని బ్యాటరీతో చదువుకునేటప్పుడు స్క్రీన్ కింది భాగం టపటపా కొట్టుకుంటోందని చెప్పింది. కేబుల్ అనుకున్నాను. నా మాట మీదే ఒక సర్వీస్ సెంటర్‌లో కేబుల్ మార్పించారు, తగ్గలేదు. తర్వాత ప్యానెల్ మార్పించారు. ఇంటికి తెచ్చాక రెండో రోజు మళ్లీ అదే. షాపులో బాగున్నది ఇంటికి రాగానే ఎందుకు చెడిందంటే, షాపులో బల్ల మీద ఉన్నంతసేపూ లాప్‌టాప్ ఛార్జర్ మీదే ఉంది. బ్యాటరీ మీద ఎవరూ పది నిమిషాలు చూడలేదు. నేనూ చూడమని చెప్పలేదు. ఆ డబ్బు వాళ్ల నాన్న జేబులోంచి పోయింది.

చివరికి దారి చూపించింది వర్డ్‌లో మెరిసే కర్సర్. ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఖాళీ డాక్యుమెంట్ తెరిచి, ఏమీ ముట్టుకోకుండా చూశాను. కర్సర్ ఒక్కసారి వెలిగి ఆరేలోగా స్క్రీన్ కింద ఒక్కో అదురు. కర్సర్ తాళానికి తగ్గట్టు అదురు. కేబుల్ పోతే కర్సర్‌ను చూసుకుని అదరదు కదా!

దీని వెనక ఉన్నది ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే బ్యాటరీ ఆదా పద్ధతి. లాప్‌టాప్ స్క్రీన్లను కలిపే ఇడిపి ప్రమాణంలో, 2011లో వచ్చిన 1.3 వెర్షన్‌తో ఇది చేరింది. రిఫ్రెష్ రేటు ఎంత ఉన్నా, స్క్రీన్ మీద ఏమీ మారనప్పుడు కూడా గ్రాఫిక్స్ చిప్ అదే బొమ్మను సెకనుకు 60 సార్లో 120 సార్లో పంపుతూనే ఉండాలి. అది వృథా. కాబట్టి ప్యానెల్‌లోనే చిన్న మెమరీ పెట్టారు. బొమ్మ కదలకపోతే, 'నీ దగ్గరున్నదే చూపిస్తూ ఉండు' అని చెప్పి చిప్ నిద్రపోతుంది, మధ్యలోని లింకు కూడా నిద్రపోతుంది. ఏదైనా మారగానే లింకు లేచి, ప్యానెల్ నడకతో తన నడకను కలుపుకుని, కొత్త ఫ్రేమ్ పంపాలి. ఈ కలుపుకోవడం సరిగ్గా కుదరకపోతే ఒక ఫ్రేమ్ సగం తెగుతుంది, అదే అదురు. కుదిరినా లేవడానికి కొన్ని ఫ్రేములు పడితే, మొదటి అక్షరం ఆలస్యంగా పడుతుంది, మౌస్ ముందు ఒక చోట అంటుకుని తర్వాత దూకుతుంది. రేటు 60కి తగ్గి ఉంటే అవే ఫ్రేములకు రెట్టింపు సమయం కాబట్టి ఆలస్యం ఇంకా కనిపిస్తుంది. అందుకే జనం రిఫ్రెష్ రేటునే తిడుతూ, దాన్నే మారుస్తూ ఉండిపోతారు.

పరీక్ష ఇలా చేయండి. ఛార్జర్ తీసేయండి. ఒక పీడీఎఫ్ పేజీ తెరిచి, అయిదారు సెకన్లు చేతులు పక్కన పెట్టి, ఆ తర్వాత మౌస్ కదిపి చూడండి. ఆగి ఉన్నాక కదిపిన ప్రతిసారీ అదురు గానీ తడబాటు గానీ వస్తోందా? ఇప్పుడు ఒక మూల చిన్న కిటికీలో వీడియో నడుస్తుండగా అదే చేయండి. వీడియో నడుస్తున్నంతసేపూ స్క్రీన్ అదరకుండా కుదురుగా ఉంటే, నిద్రపోయి లేవడంలోనే తేడా ఉందని అర్థం. కొత్త ప్యానెళ్లలో మారిన ముక్కను మాత్రమే పంపే రెండో తరం పద్ధతి ఉంటుంది, వాటిలో వీడియో పెట్టినా అదురు పోకపోవచ్చు. అప్పుడు నేరుగా ఆపి చూడటమే.

ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి `Intel Graphics Command Center` పెట్టుకోండి. అందులో `System > Power` కి వెళ్లి, `On Battery` ట్యాబ్‌లో `Panel Self Refresh` ఆపండి. ట్యాబ్ పేరు చూసుకోండి. `Plugged In` లో ఆపేసి 'తగ్గలేదండీ' అని ఫోన్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కొత్త ఇంటెల్ యాప్ ఉన్న లాప్‌టాప్‌లలో మెనూ వేరుగా ఉంటుంది, అందులోనూ ఇదే పేరు కోసం వెతకండి. ఆపాక ఒకసారి రీస్టార్ట్ చేసి, బ్యాటరీ మీదే మళ్లీ అదే పరీక్ష చేయండి.

లైనక్స్ వాడేవాళ్లు ముందు ఒక్క బూట్‌కి మాత్రమే ఆపి చూడొచ్చు. గ్రబ్ మెనూలో `e` నొక్కి, `linux` తో మొదలయ్యే వరుస చివర వీటిలో మీ చిప్‌కి తగ్గది చేర్చి, `Ctrl+X` నొక్కండి. మొదటిది ఇంటెల్‌కి, రెండోది ఏఎండికి.

```
i915.enable_psr=0
amdgpu.dcdebugmask=0x10
```

ఫలితం ఉంటే `/etc/default/grub` లోని `GRUB_CMDLINE_LINUX_DEFAULT` లో చేర్చుకోండి. ఉబుంటు, డెబియన్‌లలో అయితే `sudo update-grub` తో అది స్థిరపడుతుంది.

ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో ఆ స్విచ్ ఆపగానే అదురు ఆగింది. నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చిందని ఫోన్ చేసింది. డ్రైవర్ అప్‌డేట్ అయి స్విచ్ తిరిగి ఆన్ అయింది. కాబట్టి అప్‌డేట్ తర్వాత మిణుకు తిరిగొస్తే టెన్షన్ పడకుండా ముందు అక్కడికే వెళ్లండి.

దీనికి మూల్యం బ్యాటరీయే. కదలని పేజీ చదువుతున్నప్పుడు కూడా చిప్ మేలుకుని ఉంటుంది. అందుకే నేను సెల్ఫ్ రిఫ్రెష్ ఆపిన ప్రతి లాప్‌టాప్‌లోనూ బ్యాటరీ మీద రేటును 60 దగ్గర కట్టేస్తాను. పోయిందాంట్లో కొంత తిరిగొస్తుంది, పైగా రేటు మారడం వల్ల వచ్చే గొడవ కూడా ఉండదు. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో కొత్త బయోస్, కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంటే అవి వేసుకుని, స్విచ్ మళ్లీ ఆన్ చేసి చూడటం కూడా మంచిదే. అప్‌డేట్‌తోనే సర్దుకున్నవి నేను చూశాను.

మిగతావి

మిణుకు కాకుండా, తెల్ల పేజీ నుంచి నల్ల పేజీకి వెళ్లినప్పుడు వెలుతురు మెల్లగా పెరగడం, తగ్గడం జరుగుతుంటే అది బొమ్మను బట్టి బ్యాక్‌లైట్ తగ్గించే ఫీచర్. ఇంటెల్‌లో పైన చెప్పిన ట్యాబ్‌లోనే `Display Power Savings`, ఏఎండిలో `Vari-Bright`. ఆపేయండి.

వెలుతురు బాగా తగ్గించినప్పుడే కళ్లు లాగుతూ, పెంచితే పోతుంటే అది బ్యాక్‌లైట్‌ను వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతి వల్ల. ఛార్జర్ మీద కూడా అదే వెలుతురుకు తగ్గించి చూడండి, అక్కడా ఉంటుంది.

ఇక కేబుల్, ప్యానెల్. బ్యాటరీ మీదే బయోస్ స్క్రీన్‌లోకి వెళ్లి అయిదు నిమిషాలు ఉంచండి, మూతను నెమ్మదిగా ముందుకూ వెనక్కీ కదపండి. అక్కడ విండోస్ లేదు, డ్రైవర్ లేదు. అక్కడ కూడా మిణుకుమంటేనే, లేదా మూత కదిపినప్పుడు గీతలు వస్తేనే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఇచ్చేటప్పుడు ఛార్జర్ ఇంట్లో పెట్టి, బ్యాటరీ నిండా ఎక్కించి ఇవ్వండి. తీసుకునేటప్పుడు ఛార్జర్ లేకుండా పది నిమిషాలు వాళ్ల ముందే నడిపి చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.