పగటి నిద్రకు వాచీ అలారం: నైట్ డ్యూటీ వాళ్లకు జాగ్రత్తలు

ఈమధ్య మా షిఫ్టులో ఒకాయన రాత్రి పది గంటల డ్యూటీకి పదకొండున్నరకు వచ్చాడు. ఆయన రాలేదని అంతకుముందు షిఫ్టు మనిషి గంటన్నర పాటు యంత్రం దగ్గరే నిలబడాల్సి వచ్చింది. చేతికున్న స్మార్ట్‌వాచీ అలారం కొట్టలేదని ఆయన వాదన. తీరా చూస్తే అలారం వాచీలో లేనే లేదు, ఫోన్‌లో ఉంది. ఫోన్ వల్ల నిద్ర చెడుతోందని దాన్ని రెండు గదుల అవతల పెట్టి, తలుపు వేసుకుని పడుకున్నాడు.

చాలామందిని ముంచేది ఈ ఒక్క పొరపాటే. ఫోన్‌లో పెట్టిన అలారం వాచీలో కూడా కనిపిస్తుంది కాబట్టి అది వాచీ అలారమే అనుకుంటారు. నిజానికి అది ఫోన్ నుంచి బ్లూటూత్ ద్వారా వచ్చే కబురు మాత్రమే. మధ్యలో గోడలు అడ్డుపడినా, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా ఆ కబురు మణికట్టు దాకా రాదు. అదే వాచీలోని అలారం యాప్ తెరిచి అక్కడే పెట్టుకుంటే ఫోన్‌తో పనే ఉండదు. తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్లూటూత్, వైఫై రెండూ ఆపేయండి. వాచీలో మూడు నిమిషాల తర్వాతకు అలారం పెట్టి, కాల్స్, మెసేజ్‌ల చప్పుడు ఆపే డీఎన్‌డీ ఆన్ చేసి, చేతిని దుప్పటి కింద పెట్టుకుని పడుకోండి. అప్పుడు చేయి అదిరితేనే అది వాచీ అలారం.

ఇక వేళల సంగతి. డ్యూటీ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, నిద్ర ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు అనుకుందాం. ముందుగా వాచీని 24 గంటల పద్ధతికి మార్చండి. అప్పుడు లేవాల్సిన వేళ 16:00 అని కనిపిస్తుంది, తెల్లవారుజాము 4తో కలగాపులగం కాదు. డీఎన్‌డీ 07:45కు మొదలై 16:00కు ముగియాలి. వారాలు ఎంచుకునేటప్పుడు డ్యూటీ మొదలయ్యే రోజును కాదు, మీరు పడుకునే రోజును గుర్తు పెట్టండి. ఆదివారం రాత్రి నుంచి గురువారం రాత్రి వరకు డ్యూటీ అయితే నిద్ర సోమవారం నుంచి శుక్రవారం వరకు. ఆదివారానికి టిక్కు పెట్టి శుక్రవారాన్ని వదిలేస్తే, వారమంతా బాగానే నడిచి చివరి రోజు నిద్ర ఫోన్ల పాలవుతుంది.

దీనికి తిరగబడ్డ తప్పు ఒకటుంది. వాచీలో నిద్రవేళ అని మామూలుగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పెట్టుకుని ఉంటారు. డ్యూటీ మారినా దాన్ని మార్చరు. దాంతో వాచీ డ్యూటీలో నోరు మూసుకుంటుంది, పగలు పడుకున్నప్పుడు అదురుతూ ఉంటుంది. ఆ పాత వేళను తీసేయండి. పని చోటి నుంచి వచ్చే అత్యవసర కాల్ మీకు అందాల్సింది ఆ రాత్రి గంటల్లోనే.

ఇంటివాళ్ల కాల్ కూడా దాటి రావాలి. డీఎన్‌డీ మినహాయింపుల్లో ఇద్దరు ముగ్గురిని చేర్చండి, పదిమందిని కాదు. ఒకే నంబరు నుంచి రెండోసారి వచ్చే కాల్‌ను అనుమతించే వీలు కూడా ఉంది: ఐఫోన్‌లో మూడు నిమిషాల లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల లోపు రావాలి. ఆ వ్యవధి ఇంట్లో చెప్పి ఉంచండి. చెప్పకపోతే ఒకసారి చేసి, ఎత్తలేదని ఊరుకుంటారు.

మిగతావి వరసగా చెబుతాను, వాదన వద్దు.

అలారం వాచీలోనే పెట్టండి. మళ్లీ చెబుతున్నాను, వాచీలోనే.

రాత్రంతా చేతికే ఉన్న వాచీని అలాగే పెట్టుకుని పడుకోవద్దు. స్నానం, టిఫిన్ అయ్యే లోపు ఛార్జింగ్ పెట్టండి. మధ్యాహ్నం రెండింటికి చచ్చిన వాచీ నాలుగింటికి లేపదు.

వాచీని ఛార్జర్ మీద పెట్టి నిద్రపోవద్దు. బల్ల మీద అదిరితే మీకు తెలియదు.

పట్టీ మణికట్టు ఎముకకు కొంచెం పైన, జారకుండా బిగించండి. వదులుగా ఉంటే అదురు చర్మానికి చేరదు.

అదురు బలాన్ని ఎక్కువకు పెట్టండి.

అరచేతితో మూస్తే ఆగిపోయే ఏర్పాటు మీ వాచీలో ఉంటే తీసేయండి. నిద్రలో చేయి దానంతట అదే మూసేస్తుంది.

ఫోన్ డీఎన్‌డీలో అలారాలకు అనుమతి ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్‌లో దాన్ని తీసేసే వీలుంది.

16:10కి ఫోన్‌లో రెండో అలారం, పెద్ద శబ్దంతో, లేచి వెళ్తేనే ఆపగలిగే చోట, కానీ వినిపించే దూరంలో. ఇది తోడుగా మాత్రమే. మొదటి అలారం ఎక్కడ ఉండాలో రెండుసార్లు చెప్పాను.

షిఫ్టు మారిన రోజే డీఎన్‌డీ వేళలు, అలారం, నిద్రవేళ మూడూ మార్చండి. రేపు మారుద్దామనుకోవద్దు.