నాలుగు కార్యక్రమాలకు ఒకే పాసు: సీట్ల లెక్క, గేటు లెక్క తప్పకుండా నడపడం ఎలా?

ఉత్సవాలకు ఒకే పాసు పెట్టిన సంఘాలలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పెద్ద హాలులో ఎన్ని కుర్చీలుంటే అన్ని పాసులు అమ్మేస్తారు. కచేరీ రోజున అందరికీ చోటు దొరుకుతుంది గానీ, మరునాడు నాటకానికో భోజనాలకో వచ్చేసరికి చేతిలో పాసు ఉన్నవారినే గేటు దగ్గర ఆపవలసి వస్తుంది. పాసు అంటే ఒక సీటు కాదు, అందులో ఉన్న కార్యక్రమాలన్నింటిలోనూ ఒక్కొక్క సీటు. అందువల్ల ఒక పాసు అమ్మినప్పుడు ప్రతి కార్యక్రమం లెక్కలోనూ ఒకటి తగ్గాలి.

ఒక పట్టణంలోని సాంస్కృతిక సంఘం మూడు రోజుల సంక్రాంతి ఉత్సవాలు జరుపుతోందని అనుకుందాం. మొదటి రోజు సాయంత్రం సంగీత కచేరీ, రెండో రోజు ఉదయం తోలుబొమ్మల తయారీ శిక్షణ, అదే సాయంత్రం పద్యనాటకం, మూడో రోజు మధ్యాహ్నం పండుగ భోజనం ఉన్నాయి.

1. ఒక్కొక్క కార్యక్రమానికి నిజమైన పరిమితి తేల్చుకోండి

పరిమితి అన్నిచోట్లా కుర్చీలను బట్టి ఉండదు. కచేరీ హాలులో 500 కుర్చీలు, నాటకం హాలులో 300 ఉన్నాయి. భోజనాల దగ్గర ఒక బంతికి 80 మంది చొప్పున మూడు బంతులు, అంటే 240 మంది. శిక్షణ గదిలో వందమంది పట్టినా పరిమితి 40 మాత్రమే. తోలుబొమ్మలకు పేరుపొందిన నిమ్మలకుంట గ్రామ కళాకారుల వంటివారు నేర్పేటప్పుడు ప్రతి ఒక్కరి ముందూ ఒక తోలుముక్క, ఒక పీట, రంధ్రాలు వేసే ఉలి ఉండాలి, గురువు ఒక్కొక్కరి చేయీ చూడగలగాలి.

ఈ సంఖ్యల నుంచి కళాకారులు, దాతలు, కార్యకర్తల వాటాను ముందే తీసివేయండి. కచేరీకి 50, నాటకానికి 30, శిక్షణకు 4, భోజనానికి 60 తీస్తే అమ్మదగినవి వరుసగా 450, 270, 36, 180 మిగులుతాయి. భోజనం వాటాను తక్కువగా వేయడం మామూలుగా జరిగే తప్పు. హాలులో కూర్చోని వంటవారు, మైకువారు, నాటక బృందంలోని తెర వెనుక మనుషులు కూడా విస్తరి ముందు కూర్చుంటారు.

2. పాసుల సంఖ్య నిర్ణయించండి

నాలుగు కార్యక్రమాలూ పాసులో కలిపితే 36 పాసులకు మించి అమ్మకూడదు, ఎందుకంటే అన్నింటికన్నా చిన్న పరిమితే పాసుల సంఖ్యను నిర్ణయిస్తుంది. శిక్షణను పాసు నుంచి తీసివేసి, పాసు ఉన్నవారు విడిగా పేరు నమోదు చేసుకునే ఏర్పాటు చేయడమే మంచిదని నా అభిప్రాయం. అప్పుడు హద్దు 180కి చేరుతుంది. అయితే 180 పాసులూ అమ్మితే భోజనానికి విడి టికెట్టు ఒక్కటీ మిగలదు కాబట్టి, ఇక్కడ 140 పాసులతో ఆపుదాం. విడి టికెట్లు కచేరీకి 310, నాటకానికి 130, భోజనానికి 40 మిగులుతాయి. శిక్షణలో 20 చోట్లు పాసు ఉన్నవారికి పట్టి ఉంచి, రెండు రోజుల ముందు వరకు నమోదు కానివాటిని విడిగా ఇవ్వవచ్చు.

ఒక పాసు ఒక మనిషికే. కుటుంబానికంతా ఒకే నంబరు ఇస్తే, తండ్రి కచేరీకీ పిల్లలు నాటకానికీ వచ్చినప్పుడు ఎవరి ప్రవేశం అయిందో తేల్చడం అసాధ్యమవుతుంది. నలుగురికి నాలుగు నంబర్లు ఇవ్వండి.

3. కేటాయింపును, ప్రవేశాన్ని వేర్వేరుగా రాయండి

గూగుల్ షీట్స్‌లో మూడు పట్టికలు చాలు. `Limits`లో మొదటి వరుస శీర్షికలకు పోగా, A నిలువు వరుసలో కార్యక్రమం కోడ్ (`SNG`, `SIK`, `NTK`, `BHO`), Bలో అమ్మదగిన సంఖ్య ఉంటాయి. `Allot`లో A పాసు నంబరు, B కార్యక్రమం కోడ్, C స్థితి; సీటు ఖరారైతే అక్కడ `OK` అని రాయాలి. ఒక పాసు అమ్మగానే `Allot`లో మూడు వరుసలు పడాలి: కచేరీకి ఒకటి, నాటకానికి ఒకటి, భోజనానికి ఒకటి. విడి టికెట్టుకు ఒక్క వరుస చాలు. ఇంకా ఎన్ని మిగిలాయో `Limits`లో C2 నుంచి కిందికి ఈ సూత్రం చెబుతుంది:

```
=B2-COUNTIFS(Allot!B:B,A2,Allot!C:C,"OK")
```

మూడో పట్టిక `Entry` గేటు దగ్గరిది. Aలో పాసు నంబరు, Bలో కార్యక్రమం, Cలో సమయం రాస్తే Dలో ఫలితం వస్తుంది:

```
=IF(COUNTIFS(Allot!A:A,A2,Allot!B:B,B2,
 Allot!C:C,"OK")=0,"NO",
 IF(COUNTIFS(A$2:A2,A2,B$2:B2,B2)>1,
 "REPEAT","ENTER"))
```

ఇందులో పాసు నంబరుతో పాటు కార్యక్రమాన్ని కూడా చూస్తున్నామన్నదే ముఖ్యం. `P-017` కచేరీకి వచ్చి, నాటకానికి రాక, భోజనానికి వస్తే రెండుసార్లూ `ENTER` అనే వస్తుంది. పాసు మీద ఒకే ఒక్క "వాడబడింది" గడి పెట్టినచోట ఇదే మనిషిని భోజనాల దగ్గర తిప్పి పంపుతారు.

4. గేటు దగ్గర

`REPEAT` వచ్చినంత మాత్రాన మోసమని అనుకోకూడదు. ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్ళి తిరిగి వస్తున్నవారు ఎక్కువమంది ఉంటారు. వారికోసం లోపలికి వచ్చేటప్పుడే చేతి మీద కార్యక్రమానికొక రంగు ముద్ర వేయండి. ముద్ర ఉన్నవారిని నమోదు చేయకుండానే పంపవచ్చు. ముద్ర లేకుండా `REPEAT` వస్తే మొదటి ప్రవేశం సమయం చూడండి. రెండు నిమిషాల క్రితం మరో గేటులో నమోదై ఉంటే, పాసు ఫొటో వాట్సాప్‌లో మరొకరికి చేరి ఉండవచ్చు. అప్పుడు కొన్నప్పుడు ఇచ్చిన ఫోను నంబరు చివరి నాలుగు అంకెలు మర్యాదగా అడగండి.

నెట్ అందని హాళ్లలో రెండు గేట్లు ఒకదాని లెక్క మరొకదానికి తెలియకుండా పనిచేస్తాయి. అక్కడ 1 నుంచి 70 వరకు పాసులు ఒక గేటుకు, 71 నుంచి 140 వరకు రెండో గేటుకు కేటాయించి, విడి టికెట్లను కూడా అలాగే విభజించి, ఆయా నంబర్ల జాబితాను కాగితం మీద ముద్రించి ఇవ్వండి. ఒక్కొక్క పాసుకు ఒకే గేటు ఉంటే పెన్నుతో కొట్టివేయడమే సరిపోతుంది.

5. రానివారి సీట్లు, రద్దయిన కార్యక్రమాలు

నాటకం మొదలు కావడానికి పది నిమిషాల ముందు వరకు రానివారి సీటును బయట వేచి ఉన్నవారికి ఇవ్వాలనుకుంటే, ఆ షరతును పాసు మీదనే అచ్చు వేయండి. వరుసను చెరిపివేయకుండా స్థితిని `OK` నుంచి `FREE`గా మార్చండి. మిగిలిన సీట్ల సంఖ్య తనంతట తానే పెరుగుతుంది, ఎవరి సీటు ఎప్పుడు వదిలారో ఆధారమూ మిగులుతుంది. భోజనానికి మాత్రం ఈ నియమం పెట్టకండి. మూడో బంతికి వచ్చేవారు మొదటి బంతి వేళకు కనబడరు. దానికి బదులు ముందురోజు సాయంత్రం నాటకం దగ్గరే, నాటకానికి రానివారిని ఫోనులోనూ, రేపు భోజనానికి వస్తారా అని అడిగి వంటవారికి సంఖ్య చెప్పండి.

చివరగా, పాసు ధరను ముందే పంచి పెట్టుకోండి. 600 రూపాయల పాసులో కచేరీకి 200, నాటకానికి 150, భోజనానికి 250 అని రాసి ఉంటే, నాటకం రద్దయిన రోజున 140 పాసులకు 150 చొప్పున 21,000 రూపాయలు తిరిగి ఇవ్వాలని వెంటనే తెలుస్తుంది. ఆ విభజన పాసు వెనుక లేకపోతే, కొన్నవారు మొత్తం సొమ్ము అడిగినప్పుడు సంఘం దగ్గర చూపడానికి ఏమీ ఉండదు.