బ్యాంకు యాప్ పెట్టుకోవడం ఎలా? సిమ్ ధ్రువీకరణ, ఎంపిన్, అలర్ట్‌లు

ముందుగా మూడు దగ్గర పెట్టుకోండి: బ్యాంకులో నమోదైన నంబరు సిమ్, డెబిట్ కార్డు, దాని ఏటీఎం పిన్. ఆ సిమ్ యాప్ పెట్టే ఫోన్‌లోనే ఉండాలి. అమ్మ ఖాతాకు మీ ఫోన్‌లో యాప్ పెడుతూ, ఓటీపీ మాత్రం ఆమె ఫోన్‌కి తెప్పించుకుందామంటే చాలా బ్యాంకుల్లో కుదరదు.

యాప్‌ను ప్లే స్టోర్ నుంచో యాప్ స్టోర్ నుంచో దించుకోండి. ఒకే పేరుతో రెండు మూడు కనిపిస్తే బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న లింకు పట్టుకుని వెళ్లండి. ఆ వెబ్‌సైట్ చిరునామా చివర `bank.in` ఉందో లేదో చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును మాత్రం ముట్టుకోవద్దు. అలాంటివి ఫోన్‌లో చేరి, వచ్చిన ఓటీపీలను దొంగకు చేరవేస్తాయి.

సిమ్ ధ్రువీకరణ

యాప్ తెరవగానే ఏ సిమ్ అని అడుగుతుంది. ఎంచుకోగానే గజిబిజి అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్ మీ ఫోన్ నుంచి బ్యాంకుకు వెళ్తుంది. అది ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి, ఈ ఫోన్ ఖాతాదారుడిదేనని బ్యాంకు ముడి వేసుకుంటుంది. దీన్నే సిమ్ బైండింగ్ అంటారు.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. యాప్ ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటుందే తప్ప తప్పెక్కడో చెప్పదు. మెసేజ్‌ల యాప్ తెరిచి, పంపిన వాటిలో చూడండి. మెసేజ్ వెళ్లలేదని ఉంటే రీచార్జి అయిపోయిందో, సిగ్నల్ లేదో అయి ఉంటుంది. రెండో సిమ్ నుంచి వెళ్లి ఉంటే సిమ్ ఎంపిక తప్పు. సరైన సిమ్ నుంచే వెళ్లినా నంబరు నమోదు కాలేదంటే, బ్యాంకు దగ్గర మీ పాత నంబరు ఉందన్నమాట. దాన్ని బ్రాంచిలో మార్పించుకున్నాకే ముందుకు కదలాలి.

ఈ గజిబిజి మెసేజ్ విలువ ఓటీపీకి ఏమీ తక్కువ కాదు. ఎవరైనా ఇలాంటిది మీకు పంపి ‘ఈ నంబరుకు ఫార్వర్డ్ చేయండి, కేవైసీ అయిపోతుంది’ అంటే, వాళ్ల ఫోన్‌ను మీ ఖాతాకు ముడి వేయిస్తున్నట్టే.

ఎంపిన్

కార్డు వివరాలు, ఓటీపీ ఇచ్చాక ఎంపిన్ పెట్టమంటుంది. బ్యాంకును బట్టి నాలుగు లేదా ఆరు అంకెలు. పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. ఇది యాప్ తాళం. యూపీఐ పిన్ వేరు, ఏటీఎం పిన్ వేరు. మూడింటికీ ఒకే అంకెలు పెడితే, ఏటీఎం దగ్గర భుజం మీదుగా చూసినవాడికి మీ యాప్ తాళం కూడా తెలిసిపోతుంది. వరుసగా తప్పు కొడితే యాప్ కొంతసేపు లాకవుతుంది. ఊహించి కొట్టేకంటే ‘Forgot MPIN’ నొక్కడం మేలు.

అలర్ట్‌లు

ఎస్సెమ్మెస్‌తో పాటు ఈమెయిల్ అలర్ట్ కూడా పెట్టుకోండి. చిన్న మొత్తాలకు ఎస్సెమ్మెస్ పంపని బ్యాంకులున్నాయి. పెట్టాక ఇంట్లో ఒకరికి ఒక్క రూపాయి పంపి చూడండి. ఎస్సెమ్మెస్ రాకపోతే ఈమెయిల్ చూడండి. వచ్చిన అలర్ట్‌లో ఖాతా చివరి అంకెలు, మొత్తం, తేదీ సరిపోవాలి.

మీరు చేయని లావాదేవీకి అలర్ట్ వస్తే గడియారం మొదలైనట్టే. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లది అయినప్పుడు, మూడు పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం ఉండదు. అలర్ట్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. రెండో శనివారం ముందటి శుక్రవారం రాత్రి వచ్చిందనుకోండి: శని, ఆదివారాలు సెలవు, కాబట్టి బుధవారం దాకా గడువు. అయినా అంతదాకా ఆగకండి. డబ్బు ఇంకో ఖాతాకు జారిపోకముందే పట్టుకోవాలంటే గంటలే ముఖ్యం.

పిన్ లేదా ఓటీపీ మీరే చెప్పి ఉంటే లెక్క మారుతుంది. బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీదే, ఆ తర్వాత పోయింది బ్యాంకుది.

బ్యాంకు అడగనివి

ఓటీపీ, ఎంపిన్, యూపీఐ పిన్, ఏటీఎం పిన్, కార్డు వెనక సీవీవీ: వీటిని బ్యాంకు ఉద్యోగి ఫోన్‌లో గానీ, బ్రాంచిలో గానీ చెప్పమని అడగరు. వీటిని మీరు సొంతంగా తెరిచిన యాప్‌లోనో, ఏటీఎంలోనో, మీరు కొంటున్నచోట పేమెంటు పేజీలోనో మీ చేత్తో కొట్టాలి, అంతే. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమనీ అడగరు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు; రీఫండ్ పేరుతో పిన్ కొట్టమంటే డబ్బు పోయేది మీ నుంచే.

ఇప్పటికే చెప్పేసి ఉంటే కాల్ కట్ చేసి, కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి యాప్, కార్డు ఆపించండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి లేదా `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. అలర్ట్ మెసేజ్ చెరిపేయకండి. అందులోని లావాదేవీ నంబరు రెండుచోట్లా అడుగుతారు.